గ్యాస్ బండ ఎక్కడ, తలుపు ఎటు: చిన్న హోటల్ ఫైర్ ఎన్‌ఓసీ దరఖాస్తు



నల్గొండ క్లాక్ టవర్ సెంటర్ నుంచి దేవరకొండ రోడ్డు పట్టుకున్నా, మిర్యాలగూడ రోడ్డు పట్టుకున్నా వరుసగా హోటళ్లు కనిపిస్తాయి. పొద్దున ఇడ్లీ, వడ, బోండా. మధ్యాహ్నం భోజనం. పొద్దు గూకితే బిర్యానీ, ఫ్రైడ్ రైస్. వీటిలో ఎక్కువ భాగం కిరాయి మడిగెల్లో నడుస్తున్నవే. ముందు షట్టర్, లోపల బల్లలు, వెనక వంటగది, ఆ వెనక ఒక ఇరుకు సందు. ఇలాంటి హోటల్ పెట్టేవాళ్లకు ఏదో ఒక రోజు ఒక ప్రశ్న ఎదురవుతుంది. ట్రేడ్ లైసెన్స్ దగ్గరో, బ్యాంకు అప్పు దగ్గరో, బీమా దగ్గరో ఎవరో ఒకరు అడుగుతారు: ఫైర్ ఎన్‌ఓసీ ఉందా? అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం అన్నమాట.

అడగ్గానే చాలామంది చేసే పని ఒకటే. బజారుకు వెళ్లి ఎర్రటి సిలిండర్ ఒకటి కొనుక్కొచ్చి, గోడకు తగిలించి, రసీదు జతచేసి దరఖాస్తు పెట్టేస్తారు. పరిశీలనకు వచ్చిన అధికారి ఆ ఎర్ర సిలిండర్‌ను చివర్లో చూస్తారు. ముందు చూసేది గ్యాస్ బండ ఎక్కడుంది, తలుపు ఎటు తెరుచుకుంటుంది అన్న రెండు సంగతులే. దరఖాస్తు కూడా ఆ రెండింటి చుట్టూనే రాయాలి.

దానికంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ఈ పత్రం ఏ కట్టడానికి తప్పనిసరి? తెలంగాణలో అమల్లో ఉన్న అగ్నిమాపక సేవల చట్టం 1999 నాటిది, భవన నిర్మాణ నిబంధనలు 2012 ఏప్రిల్‌లో వచ్చినవి. వీటి ప్రకారం వ్యాపార భవనమైతే 15 మీటర్లు, ఆపైన ఎత్తున్నవాటికి అగ్నిమాపక శాఖ అనుమతి ఉండాలి. నివాస భవనానికి ఆ హద్దు 18 మీటర్లు. ఫంక్షన్ హాళ్లు, సినిమా హాళ్లు, బడులు వంటి జనం గుమిగూడే చోట్లకు హద్దు ఇంకా కింద ఉంది. అక్కడ స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 6 మీటర్లు దాటినా అనుమతి కావాలి.

కింది అంతస్తులో నలభై కుర్చీలతో నడిచే మడిగె హోటల్ మామూలుగా ఈ హద్దుల లోపలే ఉంటుంది. అదే హోటల్ నాలుగైదు అంతస్తుల కాంప్లెక్స్‌లో ఉంటే మాట వేరు. అప్పుడు మొత్తం భవనానికి ఎన్‌ఓసీ ఉందా లేదా అన్నది ముందు ప్రశ్న. అది యజమాని దగ్గర ఉండవలసిన కాగితం. కిరాయి ఒప్పందం మీద సంతకం పెట్టకముందే దాని నకలు అడిగి తీసుకోవాలి. సంతకాలైపోయి, అడ్వాన్సు ఇచ్చి, వంటగదికి టైల్స్ కూడా వేయించాక ఆ కాగితం లేదని తెలిస్తే, కిరాయిదారు ఎంత తిరిగినా దాన్ని పుట్టించలేడు. భవనం మెట్ల దారి, నీళ్ల ట్యాంకు, పంపు అతని చేతిలో ఉండవు కదా.

హద్దుల లోపల ఉన్న హోటల్‌ను కూడా ఎవరైనా ఎన్‌ఓసీ అడిగితే ఏం చేయాలి? కొలతలన్నీ రాసి, తన కట్టడానికి ఇది వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలపమని దరఖాస్తులోనే కోరవచ్చు. వర్తించదని వచ్చే జవాబు కూడా పనికొచ్చే కాగితమే. మధ్యవర్తి చేతిలో డబ్బు పెట్టి తెచ్చుకున్న, ఎవరి సంతకమో తెలియని పత్రం కంటే అది వేయి రెట్లు నయం.

ఇప్పుడు ఒక హోటల్‌ను ఊహించుకుందాం. నల్గొండలోనే, 20 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవున్న మడిగె. నడిపేది ఒక మహిళ, ఆమె తమ్ముడే వంట మాస్టర్. లోపల 40 కుర్చీలు, పనివాళ్లు ఎనిమిది మంది. అంటే నిండుగా ఉన్నప్పుడు 48 మంది. ఈ సంఖ్య దరఖాస్తులో ఉండి తీరాలి. జాతీయ భవన నిర్మాణ కోడ్ లెక్కలో 50 మంది గానీ అంతకు మించి గానీ చేరే చోటు సమావేశ భవనం కిందికి వస్తుంది. మామూలు కట్టడంలో బయటికి పోయే తలుపు కనీసం ఒక మీటరు వెడల్పు ఉంటే సరిపోతుంది, సమావేశ భవనానికైతే రెండు మీటర్లు ఉండాలి. గిరాకీ బాగుందని నలుగురు కూర్చునే బల్ల ఇంకొకటి వేస్తే 48 కాస్తా 52 అవుతుంది. ఒక్క బల్లతో తలుపు లెక్క మారిపోతుంది.

ఈ హోటల్ వంటగది 12 అడుగులకు 10 అడుగులు, ఎత్తు 10 అడుగులు. గ్యాస్ బండలు మొదట ఆ గదిలోనే ఒక మూల పెట్టారు. పైన, కప్పుకు దగ్గరగా ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది. గ్యాస్ లీకైనా ఫ్యాన్ లాగేస్తుందని మాస్టర్ నమ్మకం. ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది. వంట గ్యాస్ గాలి కంటే బరువైనది, దాదాపు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. లీకైన గ్యాస్ పైకి పోదు. కాళ్ల దగ్గర పరుచుకుని, తూము వెంట పారి, గడప దాటి పల్లంగా ఉన్న చోటికి చేరుతుంది. పైనున్న ఫ్యాన్‌కు అది అందదు. పైగా వాసన రాగానే ఎవరో కంగారుపడి ఆ ఫ్యాన్ స్విచ్ వేస్తారు. స్విచ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు.

ఎంత గ్యాస్ లీకైతే ముప్పు? గాలిలో దాదాపు నూటికి రెండు వంతులు ఈ గ్యాస్ కలిస్తే అంటుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టే. మన హోటల్ వంటగదిలో పట్టే గాలి సుమారు 34 ఘనపు మీటర్లు. అందులో నూటికి రెండు వంతులంటే ముప్పావు ఘనపు మీటరు కూడా లేదు. తూకంలో చూస్తే కిలోన్నర గ్యాస్. హోటళ్లకు వచ్చే బండలో ఉండేది 19 కిలోలు. అంటే ఒక బండలో పన్నెండో వంతు కారినా గది మొత్తం నిండినట్టే. అది కూడా గదంతా సమంగా కలిసిందనుకున్న లెక్క. నేల మీద మడమల ఎత్తున పరుచుకున్నప్పుడు ఇంకా చాలా తక్కువ గ్యాస్‌తోనే కింది పొర అంటుకునే స్థితికి వస్తుంది. రాత్రి కట్టేటప్పుడు పొయ్యి నాబ్ తిప్పి, బండ దగ్గర వాల్వ్ మూయడం మరిచిపోయిన హోటల్లో, పగిలిన రబ్బరు గొట్టం తెల్లారేసరికి ఆ పని చేసేయగలదు.

అందుకే బండలు వంటగదిలో ఉండకూడదు. వెనక సందులో, బయటి గోడకు ఆనించి, జాలీ తలుపున్న గూడు కట్టించాలి. ఆ జాలీ పైనే కాదు, నేలకు తాకేదాకా ఉండాలి, కారిన గ్యాస్ పోవడానికి దారి కింద ఉండాలి కాబట్టి. గూటికి దగ్గరలో మురికి కాలువ మూత గానీ, నేలమాళిగ కిటికీ గానీ ఉండరాదు. నల్గొండ ఎండాకాలం సంగతి చెప్పనక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో 45 డిగ్రీల దగ్గర తిరుగుతుంది, కొన్నేళ్లలో దాటుతుంది కూడా. గూటికి పైన నీడ ఉండాలి, ఆ నీడ రేకుదైతే గాలి ఆడే ఎత్తులో ఉండాలి. గూటి నుంచి లోపలికి ఇనుప గొట్టం వేసి, గోడ దాటిన చోట ఒక వాల్వ్, పొయ్యిల వరుసకు ముందు చేతికందేలా ఇంకొకటి బిగించాలి. మూకుడు మీద చెయ్యి చాపకుండా మూయగలిగే చోట ఆ రెండో వాల్వ్ ఉండాలి. పరిశీలనకు వచ్చినవాళ్లు దాన్ని మాస్టర్ చేత మూయించి చూస్తే ఆశ్చర్యపడాల్సిన పని లేదు.

ఎన్ని బండలు పెట్టుకోవచ్చు? 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనల ప్రకారం లైసెన్సు లేకుండా ఒక చోట ఉంచదగిన వంట గ్యాస్ 100 కిలోలు. 19 కిలోల బండలు ఐదైతే 95 కిలోలు. ఆరోది వస్తే 114, హద్దు దాటినట్టే. అప్పుడు అగ్నిమాపక శాఖతో పాటు, నాగపూర్ కేంద్రంగా పనిచేసే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ లైసెన్సు కూడా కావాలి. మన హోటల్‌కు వాడుకలో రెండు, నిల్వలో రెండు చాలు. 76 కిలోలు. పెళ్లిళ్ల సీజన్లో ఆర్డర్లు వచ్చాయని ఇంకో రెండు తెచ్చి మెట్ల కింద పెడితే, దరఖాస్తులో రాసిన మాట ఆ పూటకే అబద్ధమైపోతుంది. ఇంటి వాడకానికిచ్చే 14.2 కిలోల ఎర్ర బండ హోటల్ పొయ్యికి తగిలించడం ఎలాగూ నిషేధమే. అది కంటపడితే ఎన్‌ఓసీ మాట అటుంచి, బండ జప్తు అవుతుంది.

ఇదంతా ఎందుకు ఇంత గట్టిగా చెప్పాలో తెలియాలంటే ముంబయి కుర్లాలో జరిగింది గుర్తు చేసుకోవాలి. 2015 అక్టోబర్ 16, మధ్యాహ్న భోజనం వేళ. సిటీ కినారా అనే చిన్న హోటల్. కింద ఒక గది, దాని మీద తక్కువ ఎత్తులో వేసిన అటక అంతస్తు. కింద గ్యాస్ లీకై మంట లేచింది. పైన కూర్చుని తింటున్న ఎనిమిది మంది దిగలేక చనిపోయారు. వాళ్లలో ఏడుగురు కాలేజీ విద్యార్థులు. పదేళ్ల తర్వాత, 2025 జూన్‌లో బొంబాయి హైకోర్టు ఒక్కో కుటుంబానికి 50 లక్షల రూపాయలు చెల్లించమని అక్కడి నగరపాలక సంస్థను ఆదేశించింది. నిబంధనలు పాటించకుండా నడుస్తున్న హోటల్‌ను ఆపకపోవడం నిర్లక్ష్యమేనని తేల్చింది. చిన్న హోటల్ కదా అని చూసీచూడనట్టు సంతకం పెట్టడం ఏ అధికారికైనా ఇప్పుడు కష్టమే.

కుర్లా అటక లాంటివి మన మడిగెల్లోనూ ఉన్నాయి. ఏసీ పెట్టి, ఫ్యామిలీ సెక్షన్ అని బోర్డు తగిలించి, ఒకే ఒక్క ఇనుప మెట్ల దారితో, అది కూడా వంటగది పక్కనుంచి. పొగ పైకే పోతుంది, మంట కింద ఉంటుంది, దిగే దారి మంట పక్కనుంచే. అలాంటి అటక ఉంటే దరఖాస్తులో దాచడం కాదు, ముందు దాన్ని తీసేయడమే పని.

మన హోటల్‌లో అటక లేదు. కాని ఇంకో చిక్కు ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి పనివాళ్లు వచ్చి పొయ్యి వెలిగిస్తారు. గిరాకీ ఇంకా లేదు కాబట్టి ముందు షట్టర్ సగం దించి ఉంచుతారు. షట్టర్ ఎత్తేదాకా లోపలున్నవాళ్లకు వెనక తలుపే దిక్కు. ఆ తలుపుకు అడ్డంగా బియ్యం బస్తాలు, ఉల్లిగడ్డ సంచులు, నూనె డబ్బాలు. తలుపు లోపలికి తెరుచుకుంటుంది, అంటే బస్తాలు జరిపితే తప్ప రాదు. దాన్ని బయటికి తెరుచుకునేలా మార్చి, తాళం వేయకుండా లోపలి గడియ మాత్రమే ఉంచి, బస్తాలకు వేరే అర కట్టించారు. నేల మీద పసుపు గీత గీసి, ఆ గీత దాటి ఏదీ పెట్టొద్దని ఆమె కట్టడి చేసింది. ఖర్చు పెద్దది కాదు, అర కోసం రెండు కుర్చీల చోటు పోయింది.

ఇక ఎర్ర సిలిండర్ల మాట. మామూలుగా అమ్మేది ఏబీసీ పొడి, ఆరు కిలోలది. కాగితం, గుడ్డ, కిరోసిన్, గ్యాస్ మంటలకు అది పనికొస్తుంది. బోర్డు దగ్గర కరెంటు మంటకు కార్బన్ డై ఆక్సైడ్ సిలిండర్ మేలు. మూకుట్లో మరిగే నూనె అంటుకుంటే మాత్రం పొడి చల్లగానే మంట ఆరినట్టే ఉండి, నూనె ఇంకా వేడిగానే ఉంటుంది కాబట్టి మళ్లీ భగ్గుమంటుంది. వడలు వేగే నూనె 180 డిగ్రీల దగ్గర ఉంటుంది. పట్టించుకోకుండా వదిలేస్తే 350 చుట్టుపక్కలకు పోయి, నిప్పు తగలకుండానే దానంతట అదే అంటుకుంటుంది. అప్పుడు చేయవలసింది గ్యాస్ వాల్వ్ మూయడం, మూకుడు మీద సరిపోయే ఇనుప మూత జరపడం, చల్లారేదాకా తీయకపోవడం. నీళ్లు మాత్రం పోయకూడదు. లీటరు నీరు ఆవిరైతే 1700 లీటర్ల దాకా ఉబ్బి, మండే నూనెను కప్పు దాకా చిమ్ముతుంది. వేపుళ్లు ఎక్కువగా చేసే హోటల్ వంటగదికి వెట్ కెమికల్ అనే రకం సిలిండర్ ఒకటి, మంట కప్పే దుప్పటి ఒకటి తెచ్చుకోవాలి.

సిలిండర్ తగిలించే చోటు కూడా చూడాలి. పొయ్యికి సరిగ్గా పైన తగిలించినవి చాలా చోట్ల కనిపిస్తాయి. మంట లేచాక దాన్ని అందుకోవాలంటే మంటలోకే చెయ్యి పెట్టాలి. అది వంటగది తలుపు పక్కన ఉండాలి, తీసుకున్నవాడి వెనక బయటికి దారి ఉండాలి. హోటల్లో ఎక్కడున్నా 15 మీటర్ల నడకలో ఒక సిలిండర్ దొరకాలన్నది భారత ప్రమాణం. ఐఎస్ఐ గుర్తు, గేజీలో ముల్లు ఆకుపచ్చ గీతలో ఉండటం, పిన్నుకు సీలు, నింపిన తేదీ చీటీ, ఈ నాలుగూ కంటితో చూసి తెలుసుకోవచ్చు. ఆరు కిలోల పొడి పావు నిమిషం అటూఇటూగా అయిపోతుంది. పిన్ను ఎలా లాగాలో వెతుక్కుంటూ కూర్చుంటే కాలం చాలదు. అందుకే నడిపే మనిషి ఒకరే కాదు, బల్లలు తుడిచే కుర్రాడు కూడా దాన్ని ఒకసారి చేతపట్టి నేర్చుకోవాలి.

ఇవన్నీ సరిచేశాక దరఖాస్తు రాయడం సులువు. శాఖ వెబ్‌సైటు fire.telangana.gov.in. ఆన్‌లైన్ అయినా, కాగితం అయినా, సారాంశం ఇలా ఉంటే చాలు:

“జిల్లా అగ్నిమాపక అధికారి గారికి, నల్గొండ. విషయం: చిన్న హోటల్‌కు అగ్ని భద్రత నిరభ్యంతర పత్రం కోరుతూ. అయ్యా, ఫలానా ఇంటి నంబరు గల భవనం కింది అంతస్తులో 1000 చదరపు అడుగుల మడిగెలో హోటల్ నడపదలిచాను. భవనం మొత్తం ఎత్తు ఇంత, అంతస్తులు ఇన్ని. ఒకేసారి ఉండే మనుషులు పనివాళ్లతో కలిపి 46. బయటికి దారులు రెండు, ముందు దారి వెడల్పు ఇంత, వెనక తలుపు వెడల్పు ఇంత, బయటికి తెరుచుకుంటుంది. గ్యాస్ 19 కిలోల బండలు నాలుగు, మొత్తం 76 కిలోలు, వంటగది బయట జాలీ గూటిలో ఉంటాయి. మూత వాల్వులు రెండు. అగ్నిమాపక సిలిండర్లు ఇన్ని, ఏ రకమో, ఎక్కడో జతచేసిన నక్షాలో గుర్తించాను. తమరు పరిశీలించి పత్రం ఇప్పించగలరు. నా కట్టడానికి ఈ పత్రం వర్తించనట్లయితే ఆ మాట రాతపూర్వకంగా తెలపగలరని ప్రార్థన.”

48 అని కాకుండా 46 అని రాశారు, అర కోసం రెండు కుర్చీలు తీసేశారు కదా. అధికారి కుర్చీలు లెక్కపెడితే కాగితం, నేల ఒకటే చెప్పాలి. దీనికి జతచేసేవి మామూలుగా ఇవి: భవనం నక్షా, కిరాయి ఒప్పందం, గ్యాస్ ఏజెన్సీ ఇచ్చిన వాణిజ్య కనెక్షన్ కాగితం, సిలిండర్లు కొన్న రసీదులు, వెనక తలుపు, గూడు, బోర్డు ఫొటోలు. నక్షా ఇంజనీరు గీసినదే కానక్కర్లేదనిపించినా, కొలతలు మాత్రం టేపుతో కొలిచినవే ఉండాలి. ఫీజు ఉంటే చలానాతోనే కట్టాలి, దరఖాస్తు నంబరు రాసి పెట్టుకోవాలి.

పరిశీలన తర్వాత లోపాలు రాసి మెమో ఇస్తే కంగారు పడనక్కర్లేదు. అది తిరస్కారం కాదు. మెమోలో ఉన్న వరుసలోనే ఒక్కో లోపానికి ఏం చేశారో రాసి, ఎదురుగా ఫొటో పెట్టి జవాబిస్తే రెండోసారి వచ్చినవాళ్లు ఆ చోట్లు మాత్రం చూసుకుని పోతారు. “అన్నీ సరిచేశాము” అని ఒక్క వాక్యం రాసి పంపితే మళ్లీ మొదటి నుంచి చూడక తప్పదు.

ఇచ్చిన పత్రానికి గడువు ఉంటుంది, దాని మీదే రాసి ఉంటుంది. గడువు లోపల కూడా హోటల్ మారుతూ ఉంటుంది. ఆరు నెలలకు మూలన తందూరీ బట్టీ వస్తుంది, ఏడాదికి పక్క మడిగె కలుపుకుంటారు, బండలు నాలుగు నుంచి ఆరవుతాయి. అలాంటప్పుడు పాత పత్రం నంబరు, తేదీ వేసి, మారిన భాగం నక్షా ఒక్కటి జతచేసి మళ్లీ ఒక లేఖ రాయాలి. గ్యాస్ వాసన వస్తే మాత్రం లేఖలు, కాగితాలు పక్కన పెట్టి స్విచ్‌లు ముట్టుకోకుండా, బయటినుంచి వాల్వ్ మూసి, అందరినీ దూరంగా బయటికి పంపి, ఆ తర్వాత ఫోన్ చేయాలి. గ్యాస్ లీకుకు 1906, మంటకు 101.